డ్రిప్ ఉన్న తోటలో 3 టన్నులు ఎక్కువ: "డ్రిప్ వల్లే" అని రాయొచ్చా?

నల్లగొండ పీజీ (అడిగినవారు):
"నల్లగొండ చుట్టుపక్కల 64 బత్తాయి తోటలు తిరిగి ప్రాజెక్టుకు లెక్కలు తెచ్చుకున్నాను. రిగ్రెషన్ వేస్తే డ్రిప్ ఉన్న తోటల్లో ఎకరాకు 3 టన్నులు ఎక్కువ వస్తోంది, p విలువ 0.002 లోపే. 'డ్రిప్ వల్ల దిగుబడి 3 టన్నులు పెరుగుతుంది' అని రాయమంటున్నారు గైడ్. వద్దంటోంది సీనియర్ అక్క. ఎవరి మాట వినాలి?"

కోదాడ కుర్రోడు:
గైడ్ మాటే. p అంత చిన్నగా ఉందంటే అది గాలివాటంగా వచ్చిన తేడా కాదు. గాలివాటం కాకపోతే మిగిలింది కారణమే కదా. 64 తక్కువ అనిపిస్తే ఇంకో రెండొందల తోటలు తిరుగు, ఎవరూ నోరెత్తరు.

గుర్రంపోడు రైతు:
నేను చదువుకున్నోణ్ణి కాదు, నా ముచ్చట చెప్త. ఐదెకరాల బత్తాయికి డ్రిప్ వేసిన. పైపులు అమ్మినోడు బిగించిపోయిండు, ఎలుకలు కొరికితే మళ్ల మొహం చూపియ్యలే. అది పోనీ, మూడో ఎండాకాలం బోరే ఎండింది. నూట యాభై చెట్లు పోయినయ్. డ్రిప్ ఉన్న నీళ్లను పొదుపు చేస్తది గానీ నీళ్లు పుట్టిస్తదా? మా దిక్కు తెలివైనోడు ముందు బోరు చూసుకుంటడు. రెండు ఇంచులు పోస్తేనే డ్రిప్‌కు పైసలు పెడతడు. నేనే ఒక ఇంచు బోరు మీద ఆశ పడ్డ.

దేవరకొండ బాబాయ్:
డ్రిప్ సబ్సిడీకి ఇప్పుడు ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి? ఎవరన్నా చెప్పండి.

పాలమూరు లెక్కలు:
బాబాయ్, ఇక్కడ మాట్లాడేది వేరే సంగతి. మండలంలో ఉద్యానవన శాఖ వాళ్లను అడగండి.

చెల్లెమ్మా, నీ ప్రశ్నకు జవాబు గుర్రంపోడు అన్న చెప్పేశాడు. "రెండు ఇంచులు పోస్తేనే డ్రిప్ పెడతడు" అన్న మాటే మొత్తం కథ. నువ్వు తోట తోటకీ డ్రిప్ ఉందా లేదా అని రాసుకున్నావు, బోరు ఎన్ని ఇంచులు పోస్తుందో రాసుకున్నావా? రాసుకోలేదనే అనుకుంటున్నా.

నీ 3 టన్నులకు సరిపడేలా 12 తోటలు ఊహించి చూపిస్తాను. అంకెలు నేను కల్పించినవే, కాగితం మీద చేసుకోవడానికి తేలిగ్గా ఉంటాయని. ఆరు తోటలకు ఒక ఇంచు బోరు, ఆరింటికి రెండు ఇంచుల బోరు. ఒక ఇంచు తోటల్లో ఐదుగురు డ్రిప్ వేయలేదు, వాళ్లకు ఎకరాకు 4 టన్నులు. ఒక్కరు వేశారు, ఆయనకు 5. రెండు ఇంచుల తోటల్లో ఒక్కరే వేయలేదు, ఆయనకు 7. మిగతా ఐదుగురు వేశారు, వాళ్లకు 8.

ఇప్పుడు బోరు సంగతి మర్చిపోయి డ్రిప్ ఒక్కటే చూడు. డ్రిప్ ఉన్న ఆరు తోటల సగటు 7.5, లేని ఆరింటి సగటు 4.5. తేడా 3 టన్నులు. నీ రిగ్రెషన్ చెప్పింది ఇదే, ఈ 12 తోటల మీద కూడా p విలువ 0.002 లోపే వస్తుంది. కానీ ఒకే రకం బోరున్న ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టు. 4కి 5, 7కి 8. తేడా 1 టన్నే!

మిగతా 2 టన్నులు ఎక్కడివి? అదనపు ఇంచు నీళ్లకు పంట 3 టన్నులు పెరుగుతోంది. డ్రిప్ ఉన్నవాళ్ల బోరు సగటున 11/6 ఇంచులు, లేనివాళ్లది 7/6. అంటే డ్రిప్ వాళ్ల దగ్గర సగటున 2/3 ఇంచు ఎక్కువ నీళ్లున్నాయి. 3 × 2/3 = 2. నీళ్లు తెచ్చిన 2 టన్నులు కూడా డ్రిప్ ఖాతాలో పడ్డాయి.

R ఉంటే వేసి చూసుకో:

```r
drip  <- c(0,0,0,0,0,1, 0,1,1,1,1,1)
water <- c(1,1,1,1,1,1, 2,2,2,2,2,2)
yield <- c(4,4,4,4,4,5, 7,8,8,8,8,8)
coef(lm(yield ~ drip))          # drip = 3
coef(lm(yield ~ drip + water))  # drip = 1, water = 3
coef(lm(water ~ drip))          # drip = 0.667
```

రెండో దానికి `summary()` అడిగితే `essentially perfect fit` అని హెచ్చరిక వస్తుంది, కంగారు పడకు. కల్పించిన అంకెలు గీత మీద సరిగ్గా కూర్చున్నాయి, అంతే. అసలు తోటలు అంత బుద్ధిగా ఉండవు.

కోదాడ కుర్రోడు:
12 తోటలతో ఏదైనా చూపించొచ్చు సార్. 1,200 తోటలుంటే ఈ తేడాలు వాటంతట అవే సర్దుకుంటాయి.

పాలమూరు లెక్కలు:
సర్దుకోవు తమ్మీ. అవే వరుసలు వందసార్లు కాపీ చేసి 1,200 చెయ్. కోఎఫిషియంట్ 3 దగ్గర నుంచి కదలదు. స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం 0.71 నుంచి 0.065కు పడిపోతుంది. అంటే తప్పు జవాబు మీద నమ్మకం దాదాపు పదకొండింతలు పెరుగుతుంది. p విలువ చెప్పేది ఒక్కటే: అసలు తేడా లేకపోతే, ఏవో కొన్ని తోటలు తగలడం వల్ల ఇంత తేడా రావడం అరుదు అని. డ్రిప్ వేసినవాళ్లూ వేయనివాళ్లూ మొదటి నుంచీ ఒకేలాంటి వాళ్లా అన్నది దానికి తెలియదు. గాలివాటం కాకపోతే కారణమే అన్నావు చూడు, ఆ రెండిటి మధ్యలోనే బోరు ఉంది.

కోదాడ కుర్రోడు:
సరే, ఒప్పుకున్నా. అయితే దొరికినవన్నీ పెట్టేద్దాం. కరెంటు, ఎరువులు, చెట్ల వయసు, మోటారు రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో, కాయ సైజు, అన్నీ. అప్పుడు ఏదీ తప్పించుకోదు.

పాలమూరు లెక్కలు:
ఇక్కడ సగం కరెక్ట్, సగం ప్రమాదం.

వదిలేసిన ప్రతిదీ లెక్కను చెడగొట్టదు. కరెంటు లేకపోతే పంటే లేదు, నిజమే. కానీ 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలుపెట్టారు, అది అందరికీ ఒకటే. డ్రిప్ వేసిన తోటకూ వేయని తోటకూ అదే లైను, అదే కోత. రెండు గుంపుల మధ్య తేడా లేనిది పంట మీద ఎంత ప్రభావం చూపినా డ్రిప్ అంకెను జరపదు. పైన లెక్కలో 3ను 2/3తో గుణించాం, ఆ 2/3 సున్నా అయితే మొత్తం సున్నానే. అలాగే డ్రిప్ వేసినవాళ్ల దగ్గర ఎక్కువగా ఉన్నా పంటకు సంబంధం లేనిది, ఇంటి ముందు బైకు రంగు లాంటిది, అదీ జరపదు. రెండు వైపులా ముడి ఉండాలి. చెట్ల వయసుకు అలా ఉండొచ్చు, అది పెట్టు.

మోటారు గంటలు మాత్రం ఇప్పటివి పెట్టకు. డ్రిప్ వేశాక గంటలు తగ్గుతాయి, అదే దాని పని. కాయ సైజూ అంతే, డ్రిప్ వల్ల మారే అవకాశం ఉన్నది. డ్రిప్ చేసిన పనినే పక్కన పెట్టి డ్రిప్ ఏం చేసిందని అడిగినట్టవుతుంది. డ్రిప్ వేయకముందు బోరు ఎన్ని ఇంచులు పోసిందో, అది కావాలి.

వనపర్తి వాణి:
మీరు చెప్పిందంతా బాగుంది గానీ, ఈ వాదన చివరిదాకా లాగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. బోరు పెడితే "రైతు శ్రద్ధ పెట్టలేదు" అంటారు, అదీ పెడితే ఇంకోటి. సిగరెట్ విషయంలోనూ ఇదే జరిగింది. గణాంక శాస్త్రానికి పెద్ద దిక్కు రొనాల్డ్ ఫిషర్ అంతటివాడే, సిగరెట్ అలవాటుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ పుట్టుకతో వచ్చే లక్షణమేదో కారణమై ఉండొచ్చని వాదించాడు. 1959లో కార్న్‌ఫీల్డ్ అనే ఇంకో గణాంక శాస్త్రవేత్త బృందం దానికి లెక్కతోనే జవాబిచ్చింది. తాగేవాళ్లలో క్యాన్సర్ తొమ్మిదింతలు ఉంటే, ఆ దాగిన లక్షణం కూడా తాగేవాళ్లలో కనీసం తొమ్మిదింతలు ఎక్కువగా ఉండాలి. అంత పెద్దది ఎవరి కంటా పడకుండా ఎక్కడుంది? ఎవరికీ బలవంతంగా సిగరెట్లు తాగించి ప్రయోగం చేయలేదు, అయినా ప్రపంచం ఒప్పుకుంది. "ఏదో దాగుంది" అనడం తేలిక. ఎంత పెద్దది దాగి ఉండాలో చెప్పండి.

పాలమూరు లెక్కలు:
వాణి గారూ, ఆ చివరి మాట నాకు నచ్చింది. మన లెక్కలోనే అడుగుదాం. బోరు పెట్టాక మిగిలిన 1 టన్ను కూడా సున్నా కావాలంటే, రైతు శ్రద్ధ ఎంత పని చేయాలి? శ్రద్ధగల రైతుకు 2 టన్నులు ఎక్కువ వస్తాయనుకుంటే, ఒకే రకం బోరున్న వాళ్లలో డ్రిప్ గుంపులో శ్రద్ధగలవాళ్ల వాటా రెండో గుంపు కన్నా 50 శాతం పాయింట్లు ఎక్కువ ఉండాలి. నా కంటికి అది అసాధ్యమేమీ కాదు. పంటకు అప్పు తెచ్చి పైపులు వేసేవాడు కలుపు కూడా వేళకు తీయిస్తాడు. సిగరెట్ తొమ్మిదింతలు ఒక పర్వతం. మన 1 టన్ను ఒక గట్టు, దాటొచ్చు.

వనపర్తి వాణి:
వాటా 50 పాయింట్లు ఎక్కువ అంటే 30 శాతానికి 80 శాతం అన్నమాట. ఒకే ఊరి రైతుల్లో అంత తేడా ఉంటుందని నేను నమ్మను. డ్రిప్ వేయని వాళ్లందరినీ సోమరులు అన్నట్టుంది.

గుర్రంపోడు రైతు:
అమ్మా, డ్రిప్ వేయనోళ్లు సోమరులు కాదు. కొందరికి కౌలు భూమి. పట్టాదారు ఒప్పుకోడు, పైపులు ఎవరి పేరు మీద తెచ్చుకుంటరు? కౌలుదారు చెట్టుకు చివికిన పశువుల ఎరువు పోయాలన్నా ఆలోచిస్తడు, వచ్చే ఏడు తోట ఎవరిదో.

పాలమూరు లెక్కలు:
అన్నా, ఇంకో వేరియబుల్ పట్టుకొచ్చావు. కౌలు డ్రిప్‌నూ ఆపుతోంది, పంటనూ తగ్గిస్తోంది. నాకు తట్టలేదు.

నల్లగొండ పీజీ:
అందరికీ థాంక్స్. నాలుగు రోజులు ఫోన్లు చేశాను, అందుకే ఆలస్యం. బోరు వేసినప్పుడు ఎన్ని ఇంచులు పడ్డాయో 64 మందిలో 41 మంది చెప్పగలిగారు. అది పెట్టి మళ్లీ వేస్తే డ్రిప్ అంకె 1.2కు దిగింది. ఇబ్బంది ఏమిటంటే చిన్న బోరు ఉండి డ్రిప్ వేసినవాళ్లు ముగ్గురే. అందులో ఒకాయన తర్వాత కుంట తవ్వుకున్నాడట. అంటే చిన్న బోరు తోటల సంగతి దాదాపు ఇద్దరి మీదే నిలబడింది. గైడ్‌కు చూపిస్తే "1.2 వల్ల అని రాయి" అంటున్నారు.

కోదాడ కుర్రోడు:
1.2 రాయి, తప్పేముంది? బోరు పెట్టావు కదా.

పాలమూరు లెక్కలు:
"ఒకే రకం బోరున్న తోటల్లో 1.2 టన్నుల తేడా కనిపించింది" అని రాయి, చిన్న బోర్లకు ఇది వర్తిస్తుందో లేదో ఇద్దరు రైతులతో తేలదని కూడా రాయి. గుర్తులేని 23 మంది ఎవరో చూశావా? దిగుబడి తక్కువ వచ్చినవాళ్లే ఎక్కువగా మర్చిపోయి ఉంటే, అది ఇంకో తలనొప్పి. వీలైతే డ్రిప్ వేయకముందు రెండేళ్ల దిగుబడి అడుగు. అదే తోటను ముందూ తర్వాతా చూస్తే బోరు, నేల, మనిషి చాలావరకు పక్కకు పోతాయి. అయినా వానలు బాగా పడ్డ ఏడాదే అందరూ డ్రిప్ వేసి ఉంటే మళ్లీ మొదటికే వస్తాం. అందుకని డ్రిప్ వేయని తోటల ఆ ఏళ్ల అంకెలూ పక్కన పెట్టుకో.

వనపర్తి వాణి:
ముందు దిగుబడి దొరికితే "వల్ల" అని రాయనిస్తారా లేదా?

పాలమూరు లెక్కలు:
దొరికాక కౌలు సంగతి కూడా అడిగి అప్పుడు మాట్లాడదాం.

గుర్రంపోడు రైతు:
దిగుబడి లెక్క మార్కెట్ చీటీల్ల ఉంటది చెల్లె. నోటితో అడిగితే మేం ఎప్పుడైనా తక్కువే చెప్తం.