సాయంత్రం రెండుసార్లు కడిగి, పొద్దున సీరం రాస్తే ట్రాఫిక్ పొగ నుంచి ముఖానికి రక్షణ ఉంటుందా?

ఉప్పల్ స్కూటీ: రోజూ ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి స్కూటీ మీద వెళ్లొస్తాను. రానూపోనూ రెండున్నర గంటలు. వయసు 34. రెండేళ్లుగా రెండు బుగ్గల మీదా, పైపెదవి మీదా గోధుమరంగు మచ్చలు పరుచుకుంటున్నాయి. పొల్యూషన్ వల్లేనని పార్లర్‌లో ఒకావిడ విటమిన్ సి సీరం కొనిపించింది. సీసా 1,400 రూపాయలు, నెలన్నరకు అయిపోతుంది. సాయంత్రం రాగానే నూనె క్లెన్సర్, దాని మీద ఫేస్‌వాష్, పడుకునే ముందు మళ్లీ ఫేస్‌వాష్. ఈమధ్య మామూలు క్రీమ్ రాసినా మంట పుడుతోంది. ఇవి నిజంగా కాపాడతాయా?

దూది పరీక్ష: తప్పకుండా కాపాడతాయి అక్కా. పీఎం 2.5 రేణువు వెంట్రుకలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు, నేరుగా రంధ్రాల్లోకి దిగిపోతుంది. నేను రోజూ రాత్రి దూదితో తుడుస్తాను. నల్లగా వస్తుంది. దూది తెల్లగా వచ్చేదాకా తుడవాల్సిందే. మంట వస్తోందంటే మురికి ఇంకా లోపల ఉందని.

బెజవాడ అమ్మమ్మ: మా మనవరాలూ బండి మీదే వెళ్తుందమ్మా, సాయంత్రమయ్యేసరికి ఒకటే దగ్గు. మంచి మాస్కు పెట్టుకుంటే తగ్గింది, నువ్వూ పెట్టుకో. ముఖానికి మాత్రం సున్నిపిండి చాలు. మా రోజుల్లో అదే నలుగు పెట్టి రుద్దేవాళ్లం, ఏ మచ్చలూ రాలేదు.

ఫార్ములేషన్ బెంచ్: పదకొండేళ్లుగా క్రీములు, సీరంలు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. అమ్మమ్మగారి మాస్కు మాట ఊపిరితిత్తులకు సరైనదే, కానీ ఇక్కడ ప్రశ్న చర్మం గురించి. సున్నిపిండితో రుద్దడం మాత్రం వద్దండీ. ఇలాంటి మచ్చలు ఉన్న ముఖాన్ని రాపిడి ఇంకా నల్లబరుస్తుంది.

ముందు మచ్చల సంగతి. పొగకూ మచ్చలకూ సంబంధం ఉందని ఎక్కువగా చెప్పే అధ్యయనం జర్మనీలో 2010లో వచ్చింది. రూర్ పారిశ్రామిక ప్రాంతంలోనూ, దానికి దగ్గరి పల్లెప్రాంతంలోనూ ఉన్న 400 మంది పెద్దవయసు ఆడవాళ్ల ముఖాలు చూశారు. ట్రాఫిక్ మసి ఎక్కువున్నచోట నుదుటి మీదా బుగ్గల మీదా మచ్చలు సుమారు 20 శాతం ఎక్కువ కనిపించాయి. ఎండ, పొగతాగడం లాంటివి లెక్కలోంచి తీసేసి చూసినా తేడా మిగిలింది. తర్వాత చైనా ఆడవాళ్లలోనూ, ఈసారి నైట్రోజన్ డయాక్సైడ్‌తో, అలాంటి సంబంధమే కనిపించింది. కానీ వాళ్లు లెక్కపెట్టింది వయసుతో వచ్చే చిన్నచిన్న, అంచు తెలిసే చుక్కల్ని. మీరు చెప్పేది రెండు బుగ్గల మీదా ఒకేలా పరుచుకునే మచ్చ, పైపెదవి మీద కూడా. అది మంగులా ఉంది. దానికి ఎండ, కంటికి కనిపించే వెలుతురు, హార్మోన్లు పెద్ద కారణాలు. ఆ జర్మనీ లెక్కను మీ బుగ్గలకు అంటగట్టలేం.

దూది పరీక్ష: మరి సీరం? విటమిన్ సి, విటమిన్ ఇ, ఫెరూలిక్ యాసిడ్ కలిపితే ఫ్రీ రాడికల్స్‌ను ఆపుతుందని రుజువైంది కదా!

ఫార్ములేషన్ బెంచ్: సగం నిజం. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణంలో అర శాతం ఫెరూలిక్ కలిపితే ఎండ నుంచి రక్షణ దాదాపు రెట్టింపైందని 2005లో పంది చర్మం మీద చూపించారు. అది ఎండ సంగతి. కాలుష్యం పేరుతో చేసిన పరీక్షల్లో ఎక్కువగా వాడింది ఓజోన్. ఓజోన్ చర్మపు జిడ్డులోని స్క్వాలీన్‌ను పాడుచేస్తుంది, పైపొరలోని విటమిన్ ఇని ఖర్చు చేసేస్తుంది. సీరం ఉంటే ఆ నష్టం తగ్గుతుంది.

ఇప్పుడు మీ దారి చూడండి. ఓజోన్ ఎండలో తయారవుతుంది, మధ్యాహ్నం ఎక్కువ. ఆ సమయంలో మీరు ఆఫీసులో ఉంటారు. సాయంత్రం ఏడింటికి సిగ్నల్ దగ్గర వందల బండ్ల మధ్య ఓజోన్ పడిపోతుంది, ఎందుకంటే సైలెన్సర్ల నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ దాన్ని తినేస్తుంది. అక్కడ మీకు తగిలేది మసి. సీరానికి బలమైన రుజువున్నది ఒకదాని మీద, మీరు ప్రయాణించేది ఇంకొకదాంట్లో.

దూది పరీక్ష: మసిలో కూడా విషమే ఉంది కదా. బెంజోపైరీన్ లాంటివి చర్మకణాల్లోకి వెళ్లి మెలనిన్‌ను పెంచుతాయని చదివాను.

ఫార్ములేషన్ బెంచ్: ఆ దారి ఉంది, ఒప్పుకుంటాను. అవి జిడ్డులో కరుగుతాయి, కణంలోని ఒక గ్రాహకాన్ని లేపుతాయి, అక్కడి నుంచి వాపూ రంగూ మొదలవుతాయి. రేణువు మటుకు దెబ్బతినని పైపొరను దాటి పెద్దగా లోపలికి వెళ్లదు, వెంట్రుకల మొదళ్లలో చిక్కుకుంటుంది. కానీ చాలావరకు ఇవి గిన్నెలో పెంచిన కణాల మీదా, మోతాదు పెంచీ చూసినవి. ఏళ్లపాటు సీరం వాడితే మసి మచ్చలు తగ్గుతాయని ఆ ఫలితాల నుంచి చెప్పలేం.

ఉప్పల్ స్కూటీ: అయితే కడగడం దండగేనా?

ఫార్ములేషన్ బెంచ్: కాదు. జిడ్డులో కరిగినదాన్ని జిడ్డుతోపాటే తీసేయడం అర్థమున్న పని. ఇంటికి రాగానే ఒక్కసారి, నురగ తక్కువ వచ్చే క్లెన్సర్‌తో అర నిమిషం చాలు. మీరు మూడుసార్లు కడుగుతున్నారు. చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, సబ్బుది 9 దాటుతుంది. బోరు నీళ్లయితే సబ్బు మడ్డి ముఖం మీదే మిగులుతుంది. పైపొరలోని కొవ్వు పోతే లోపలికి వెళ్లకూడనివి ఇంకా సులువుగా వెళ్తాయి. మామూలు క్రీమ్‌కే మంట రావడం, కడిగాక చర్మం బిగిసినట్టు ఉండటం దానికే గుర్తు. మురికి మిగిలిందని కాదు.

దూది ఎప్పటికీ తెల్లగా రాదండీ. దాని మీద జిడ్డు, చనిపోయిన కణాలు, కాటుక, సన్‌స్క్రీన్ అన్నీ వస్తాయి. ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ రాస్తే గోధుమరంగు వస్తుంది.

చందానగర్ నాన్న: 1,400 రూపాయల లెక్క ఒకటి అడగాలి. మా అమ్మాయి సీరం మేలో బాత్రూమ్ అరలో పెట్టింది, నెలలో టీ రంగుకు తిరిగింది. అయినా వాడుతోంది. పనిచేస్తుందా?

ఫార్ములేషన్ బెంచ్: ఆ రంగు వచ్చిందంటే చాలామటుకు ఆక్సీకరణ అయిపోయినట్టే, పారేయండి. స్వచ్ఛమైన విటమిన్ సి చర్మంలోకి వెళ్లాలంటే పీహెచ్ 3.5 కంటే తక్కువ ఉండాలి. ఆ పుల్లదనమే ఉప్పల్ అక్కకి మంట పెంచుతూ ఉండొచ్చు. ఫ్రిజ్‌లో, ముదురు రంగు సీసాలో పెట్టాలి.

ఉప్పల్ అక్కా, నేనైతే మూడు వారాలు సీరం ఆపేస్తాను. సాయంత్రం ఒక్కసారే కడిగి, సువాసన లేని మాయిశ్చరైజర్ రాస్తాను. పొద్దున రంగు సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవు. మంగుకు వెలుతురు కూడా కారణం కాబట్టి ఆ రంగు అవసరం. మచ్చల్ని చర్మ డాక్టరుకు చూపించండి. మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ ఇస్తే తీసుకోకండి. మొదట తెల్లబరిచి తర్వాత చర్మాన్ని పలచబరుస్తుంది.

దూది పరీక్ష: మీరు రుజువు లేదన్నంత మాత్రాన పనిచేయదని కాదు. నా ముఖం నాకు తెలుసు. సీరం మానితే వారంలో కాంతి పోతుంది.

ఫార్ములేషన్ బెంచ్: పనిచేయదని నేనూ అనలేదు. విటమిన్ సి వల్ల రంగు కాస్త తేరుకోవడం వేరు, పొగను ఆపడం వేరు.

ఉప్పల్ స్కూటీ: మూడు వారాల తర్వాత రాస్తున్నాను. పదో రోజుకు మంట పూర్తిగా పోయింది. మచ్చలు అలాగే ఉన్నాయి. డాక్టరు గారు మంగు అనే అన్నారు, గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగారు. వేసుకుంటున్నాను, అది ఇక్కడ చెప్పాలని నాకు తట్టలేదు. సీరం మళ్లీ మొదలుపెట్టాలా అంటే మీ ఇష్టం అన్నారు.

దూది పరీక్ష: మొదలుపెట్టండి అక్కా, 10 శాతందైనా.

చందానగర్ నాన్న: ఆ డబ్బుతో ముందు ముఖం మొత్తం కప్పే హెల్మెట్ కొనమ్మా.