పింఛను ఆలస్యంపై నా ఫిర్యాదు: అప్‌డేట్

నేను రాసింది: "రిటైరైన టీచర్ని. ఫిబ్రవరిలోనే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చాను. అయినా మార్చి నెల పింఛను పడలేదు. ఎందుకు ఆపారో చెప్పండి."

సబ్ ట్రెజరీ అధికారి గారికి నమస్కారం. కారణం తెలిసింది. నిన్న కౌంటర్లో మేడమ్ గారు నా జీవన్ ప్రమాణ్ రసీదు తీసుకుని, ఒక గడి మీద పెన్ను పెట్టి చూపించారు. పింఛను చెల్లించేది ఎవరు అన్నచోట ట్రెజరీకి బదులు బ్యాంకు పేరుంది. డబ్బు బ్యాంకులోనే పడుతుంది కదా అని నెట్ సెంటర్ అబ్బాయి దాన్నే ఎంచుకున్నాడు. వేలిముద్ర సరిపోయింది, ప్రమాణ్ ఐడీతో మెసేజ్ కూడా వచ్చింది. పని అయిపోయిందనే అనుకున్నాను. సర్టిఫికెట్ మాత్రం మీ దాకా రానేలేదు.

వెంటనే వెళ్లి ట్రెజరీని ఎంచుకోమని, పీపీఓ నంబరు అంకె అంకె నేనే చదివి మళ్లీ చేయించాను. ఇవాళ మీ జాబితాలో నా పేరు కనిపించింది. ఆగిన నెలది బకాయిగా కలిపి ఇస్తామన్నారు. అది ఖాతాలో పడేవరకు దయచేసి ఈ ఫిర్యాదు మూసేయకండి.

బాధతో ఒక మాట. సర్టిఫికెట్ అందనివారి పేర్లు మార్చి మొదట్లోనే గోడకు అంటించి ఉంటే, బీపీ మందులకు నేను అప్పు చేసేదాన్ని కాదు. వచ్చే ఏడాది అంటించండి.