అప్‌డేట్: 4కె సినిమా 1080p దగ్గరే ఆగడానికి కారణం దొరికింది

నా ప్రశ్న: టీవీ 4కె, ప్లాన్ 4కె. అయినా స్ట్రీమింగ్ బాక్స్‌లో సినిమా 1080p దాటడం లేదు, ఎందుకు?

సమాధానం చెప్పిన అందరికీ థాంక్స్. తేడా బాక్స్‌కీ టీవీకీ మధ్య పెట్టిన సౌండ్‌బార్‌లో ఉంది.

టీవీలోని సొంత యాప్‌లో అదే అకౌంట్‌తో అదే సినిమా పెడితే 4కె వచ్చింది. దాంతో ప్లాన్, నెట్ స్పీడ్ మీద అనుమానం పోయింది. హెచ్‌డీఎంఐ కేబుల్ 18 జీబీపీఎస్ రకం, 4కెకి సరిపోతుంది. పైగా బాక్స్ మెనూ 2160pలోనే కనిపిస్తోంది. కేబుల్ పాడైతే మెనూ కూడా మెరుస్తూ ఆరుతూ ఉండేది. సినిమా మొదలుపెట్టినప్పుడే క్వాలిటీ పడిపోతోందంటే అడ్డు కాపీ రక్షణ దగ్గరే.

4కె సినిమాలకు సాధారణంగా దారిలోని ప్రతి పరికరం హెచ్‌డీసీపీ అనే ఈ కాపీ రక్షణలో 2.2 వెర్షన్‌ని సపోర్ట్ చేయాలి. బాక్స్, టీవీ చేస్తాయి. మధ్యలోని పాత సౌండ్‌బార్ 1.4 దగ్గరే ఆగింది. ఒక్కటి తగ్గినా యాప్ 1080pకి దిగిపోతుంది, ఎర్రర్ కూడా చూపించదు. అదే అసలు చికాకు!

ఇప్పుడు బాక్స్‌ని నేరుగా టీవీలో హెచ్‌డీసీపీ 2.2 అని రాసున్న పోర్ట్‌కి పెట్టాను. కొన్ని టీవీల్లో అన్ని పోర్టులకూ ఆ సపోర్ట్ ఉండదు, మాన్యువల్ చూసుకోండి. సౌండ్ ఏఆర్‌సీ పోర్ట్ నుంచి సౌండ్‌బార్‌కి వెళ్తోంది. సినిమా 4కెలో ఆడుతోంది.