లిక్విడేటరు అడిగితే మన బాకీ కింద వచ్చిన డబ్బు వెనక్కి ఇవ్వాలా?

పర్లాకిమిడి పిక్కలు:
జీడిపప్పు ఫ్యాక్టరీ ఒకదానికి పిక్కలు వేసేవాణ్ని. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మునిగిపోయే ముందు నా బాకీలో 18 లక్షలు ఇచ్చారు. 2024 జూన్‌లో కంపెనీ మూసేసి, ఆస్తులు అమ్మి అప్పులు తీర్చమని లిక్విడేషన్ ఆర్డర్ వచ్చింది. ఇప్పుడు లిక్విడేటరు ఆ 18 లక్షలూ తిరిగి కట్టమని లెటర్ పంపాడు. చివరి పేమెంటు 2023 మార్చిలో, అంటే ఏడాది దాటిపోయింది కదా? నేనేం మోసం చేయలేదు, నా సరుకు డబ్బే తీసుకున్నాను. ఇదెక్కడి న్యాయం?

రాయగడ మాస్టారు:
కంగారు పడకండి. కంపెనీల చట్టంలో 328వ సెక్షన్ ఉంది. ఆరు నెలల లోపు చేసిన చెల్లింపులకే అది వర్తిస్తుంది. పైగా మిమ్మల్ని కావాలని మిగతావాళ్ల కంటే ముందు పెట్టారని వాళ్లు నిరూపించాలి. మనసులో ఉన్న ఉద్దేశాన్ని ఎవరు నిరూపిస్తారు? లెటర్ చించి పడేయండి.

బరంపురం ఖాతాలు:
మాస్టారూ, ఆ ఆరు నెలల మాట నిజమే కానీ అది కంపెనీల చట్టం కింద మూసేసే కంపెనీలకు. ఈ కంపెనీ 2016 దివాలా కోడ్ కింద వెళ్లింది. అక్కడ 43వ సెక్షన్ చూడాలి. బయటివాళ్లకు ఏడాది, డైరెక్టర్లకీ వాళ్ల బంధువులకీ రెండేళ్లు. ఉద్దేశం సంగతి 2020 ఫిబ్రవరిలో జేపీ ఇన్‌ఫ్రాటెక్ కేసులో సుప్రీం కోర్టు తేల్చేసింది. షరతులన్నీ కలిస్తే చాలు, చట్టం దాన్ని ప్రిఫరెన్స్‌గానే, అంటే ఒకరిని మిగతావాళ్ల కంటే ముందు పెట్టిన చెల్లింపుగానే చూస్తుంది, ఎవరి మనసులో ఏముందన్నది అనవసరం.

పిక్కల అన్నా, మీరు గడువు లెక్కపెట్టింది కూడా తప్పే. లిక్విడేషన్ ఆర్డర్ నుంచి కాదు, కటక్ ట్రిబ్యునల్ దివాలా దరఖాస్తును మొదట అడ్మిట్ చేసిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఆ తేదీ ఎప్పుడు? 18 లక్షలూ ఒకేసారి వచ్చాయా, ముక్కలుగానా? లెడ్జర్ చూసి చెప్పండి.

పర్లాకిమిడి పిక్కలు:
అడ్మిట్ అయింది 2023 జూలై 10న. డబ్బు మూడుసార్లు వచ్చింది. 2022 డిసెంబర్‌లో 4 లక్షలు, నవంబర్ బిల్లుకి. 2023 మార్చి మొదటి వారంలో 9 లక్షలు, అంతకు ముందు సీజన్ ఏప్రిల్, మే బిల్లులవి. మార్చి చివర్లో 5 లక్షలు, కొత్త పిక్కల లారీ గేటు దగ్గరే ఆపి, ఆర్టీజీఎస్ పడ్డాకే దించనిచ్చాను.

ఇంకో మాట. డైరెక్టరు తమ్ముడు కటింగ్ మెషిన్లు సగం ధరకి పట్టుకుపోయాడు. వాణ్ని వదిలేసి నా మీద పడటమేంటి?

కాశీనగరం తోటలు:
నేనూ ఆ ఫ్యాక్టరీకి వేసినవాణ్నే. నాకు 7 లక్షలు రావాలి, ఒక్క రూపాయి రాలేదు. నువ్వు లారీ ఆపి, ఫోన్లు చేసి తెచ్చుకున్నావు. నేను మర్యాదగా ఊరుకున్నాను. మర్యాదకి ఇదా ఫలితం? ఆ డబ్బు వెనక్కి రావాల్సిందే.

బరంపురం ఖాతాలు:
ఇద్దరూ కాస్త ఆగండి. మూడు చెల్లింపులూ ఒకే రకం కావు, లిక్విడేటరు మూడింటినీ కలిపి లెటర్ పెట్టడం అతని తొందర.

5 లక్షలు పాత బాకీకి కాదు. సరుకు దిగింది, డబ్బు వచ్చింది. 43వ సెక్షన్ పట్టుకునేది ముందే ఉన్న బాకీ తీర్చినప్పుడు. గేటు రిజిస్టర్‌లో లారీ దిగిన తేదీ, ఈ-వే బిల్లు, ఆర్టీజీఎస్ తేదీ కలిస్తే ఆ భాగం మీద భయం లేదు.

4 లక్షలది పాత బాకీయే, కానీ మీ ఇద్దరి మధ్య మామూలుగా 30 నుంచి 45 రోజుల్లో బిల్లు తీరుతుందని లెడ్జర్ చూపిస్తే రోజువారీ వ్యాపారం కింద మినహాయింపు అడగొచ్చు. మీకు మామూలే అయితే చాలదు, కంపెనీకీ అది మామూలు చెల్లింపే అయి ఉండాలని అదే జేపీ తీర్పు చెప్పింది. కాబట్టి కనీసం రెండేళ్ల లెడ్జర్ తీసి పెట్టుకోండి.

ఇక 9 లక్షలు. పది నెలలు కదలని బిల్లులు ఒక్కసారిగా తీరాయి. ఆ డబ్బు ఫ్యాక్టరీకి ఎక్కడ నుంచి వచ్చింది?

పర్లాకిమిడి పిక్కలు:
బాయిలరు అమ్మారని విన్నాను.

బరంపురం ఖాతాలు:
అదే చిక్కు. నడుస్తున్న ఫ్యాక్టరీ బాయిలరు అమ్మి పాత బిల్లు తీర్చడాన్ని మామూలు వ్యాపారం అనడం కష్టం. ఆ 9 లక్షల మీద ట్రిబ్యునల్ మీకు వ్యతిరేకంగా పోవచ్చు. కానీ లెటర్‌కే డబ్బు కట్టేయకండి. తిరిగి ఇవ్వమని ఆజ్ఞ ఇచ్చేది ట్రిబ్యునల్, లిక్విడేటరు కాదు, అతను దరఖాస్తు వేయాలి. చించి పడేయడమూ వద్దు. మూడు చెల్లింపులకీ విడివిడిగా కాగితాలు జతచేసి జవాబు పంపండి.

తమ్ముడి సంగతి విడిగా చూడాలి. సగం ధర అంటున్నారు కాబట్టి అది 45వ సెక్షన్, తక్కువ ధరకి ఆస్తి బయటికి పోవడం. బంధువు కాబట్టి అతనికి రెండేళ్లు వర్తిస్తాయి. బ్యాంకు పాత వాల్యుయేషన్ రిపోర్టులో ఆ మెషిన్ల విలువ ఉంటుంది, మీకు తెలిసింది లిక్విడేటరుకి రాతపూర్వకంగా చెప్పండి. బాకీ రావాల్సినవాళ్లకి దక్కకుండా చేయడానికే అమ్మారని తేలితే 49వ సెక్షన్ ఉంది, దానికి ఏడాది, రెండేళ్లు అనే హద్దు లేదు.

గుణుపురం మిల్లు:
మా రైస్ మిల్లులోనూ ఇదే! నా పార్ట్‌నర్ మిల్లు డబ్బుతో తన బావమరిది బాకీ తీర్చాడు. 43వ సెక్షన్ కింద కటక్ వెళ్లొచ్చా?

బరంపురం ఖాతాలు:
మీది పార్ట్‌నర్‌షిప్ అయితే కటక్ ట్రిబ్యునల్ దారి లేదు. కోడ్‌లో పార్ట్‌నర్‌షిప్ సంస్థల భాగం ఇంకా అమల్లోకి రాలేదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు, జిల్లా కోర్టులో. అందులో ప్రిఫరెన్స్‌కి మూడు నెలలే, అదీ పిటిషన్ ముందు. వెంటనే లాయర్ని కలవండి.

కాశీనగరం తోటలు:
సరే, 9 లక్షలు వెనక్కి వచ్చాయనుకుందాం. అందులో నాకెంత?

బరంపురం ఖాతాలు:
ఇది చెప్పడం నాకూ ఇష్టం లేదు. ముందు దివాలా, లిక్విడేషన్ ఖర్చులు. తర్వాత 24 నెలల వరకు కార్మికుల బకాయిలు, వాటితో సమానంగా తాకట్టున్న బ్యాంకు. తర్వాత మిగతా ఉద్యోగుల జీతాలు, తాకట్టు లేని అప్పులు ఇచ్చినవాళ్లు, ప్రభుత్వం. సరుకు వేసినవాళ్లు అక్కడికీ కింద. మీ దాకా ఏమీ రాకపోవచ్చు.

పర్లాకిమిడి పిక్కలు:
అంటే నా 9 లక్షలు బ్యాంకుకి పోతాయి! తోటల తమ్ముడికీ ఏమీ రాదు! ఇంకెవరికి న్యాయం జరిగినట్టు?

బరంపురం ఖాతాలు:
పిక్కలు ఏరి, కోసి, ఒలిచిన ఆడవాళ్ల జీతాలూ ఆ వరసలోనే ఉన్నాయి, అన్నా. పైగా డబ్బు తిరిగి కడితే మీ పాత బాకీ మళ్లీ లేస్తుంది. 9 లక్షలకి క్లెయిమ్ వేసే అవకాశం 44వ సెక్షన్ కింద ఆర్డర్‌లోనే రాయించుకోవచ్చు. ఆ క్లెయిమ్ మీద చివరికి ఎంత వస్తుందన్నది వేరే సంగతి.

రాయగడ మాస్టారు:
నా ఆరు నెలలు పక్కన పెట్టండి, ఒక్కటి అడుగుతాను. 2023 ఫిబ్రవరిలో కంపెనీ బ్యాంకుకి 22 లక్షలు కట్టిందని ఊళ్లో అంటున్నారు. ఆ అప్పుకి డైరెక్టరే సొంతంగా గ్యారంటీ ఉన్నాడు. కట్టినంత మేరా అతని నెత్తి మీద భారం తగ్గింది కదా. అది ప్రిఫరెన్స్ కాదా?

బరంపురం ఖాతాలు:
చట్టంలో అప్పిచ్చినవాడితో పాటు గ్యారంటీదారు లాభం కూడా రాసి ఉంది, అతను డైరెక్టరు కాబట్టి రెండేళ్లు. కానీ బ్యాంకు తాకట్టు ఆస్తి అప్పుకి సరిపడా ఉంటే, ఆ డబ్బు ఎలాగూ వాళ్లకే దక్కేది, కొత్తగా లాభపడింది లేదంటారు బ్యాంకు లాయర్లు. తాకట్టు విలువ ఎంతో తెలియకుండా నేను ఒక పక్క చెప్పలేను. లిక్విడేటరు దాని మీద దరఖాస్తు వేశాడా?

కాశీనగరం తోటలు:
వేయలేదు. కనుక్కున్నాను.