స్క్రీన్‌షాట్‌లో పైపట్టీ, కిందిపట్టీ కోసేయాలా? కోస్తే ఎంత?

వెన్నెల
మా యాప్ ఎలా వాడాలో చెప్పే గైడ్ తయారు చేస్తున్నాను. ఫోన్ స్క్రీన్‌షాట్లు చాలా ఉన్నాయి. పైన టైమ్, బ్యాటరీ ఉండే స్టేటస్ బార్, కింద మూడు బటన్ల నావిగేషన్ బార్ తీసేసి కంటెంట్ మాత్రమే ఉంచాలి. చేత్తో క్రాప్ చేస్తే అంచు ఒక్కో బొమ్మకి ఒక్కోచోట పడుతోంది, పేజీలో పక్కపక్కన పెడితే ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఎన్ని పిక్సెళ్లు కొయ్యాలో లెక్క ఏమైనా ఉందా?

సుబ్బు_మొబైల్స్
ఉంది. ఆండ్రాయిడ్‌లో పైన 24, కింద 48. ఎప్పటినుంచో అంతే. అన్నిటికీ అదే కోసెయ్యండి.

క్రిష్
స్క్రీన్‌షాట్ తీయగానే ఎడిట్ బటన్ వస్తుంది కదా. లాగి సేవ్ చేస్తే పోయె. దీనికి ఇంత చర్చ ఎందుకో!

పిక్సెల్_పంతులు
సుబ్బు గారూ, ఆ 24, 48 అంకెలు సరైనవే, కానీ అవి పిక్సెళ్లు కావు, డీపీలు, అంటే ఏ స్క్రీన్‌కైనా ఒకేలా చెప్పే ఆండ్రాయిడ్ కొలత. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెప్పే ఫోన్ డెన్సిటీని 160తో భాగించి, వచ్చినదాంతో గుణిస్తేనే పిక్సెళ్లు వస్తాయి. మీరు చెప్పినట్టు చేస్తే పైపట్టీలో సగం కంటే ఎక్కువే మిగిలిపోతుంది, బ్యాటరీ గుర్తు నడుం దగ్గర తెగుతుంది.

వెన్నెల గారూ, ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్‌కి కలిపి, అక్కడ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపే adb టూల్‌తో ఈ రెండూ అడగండి:

```
adb shell wm size
adb shell wm density
```

సైజు 1080x2340, డెన్సిటీ 420 అని వచ్చిందనుకుందాం. 420ని 160తో భాగిస్తే 2.625. పైన 24 అంటే 63 పిక్సెళ్లు, కింద 48 అంటే 126. మొత్తం 189 పోతే మిగిలే ఎత్తు 2151.

దీన్ని గుడ్డిగా వాడకండి. ముందు కెమెరా కోసం స్క్రీన్‌లో రంధ్రమో గాడో ఉన్న ఫోన్లలో, దాన్ని కప్పేంత ఎత్తుకి స్టేటస్ బార్ పెరుగుతుంది. అప్పుడు 63 చాలదు. కాబట్టి లెక్కతో వచ్చిన అంకెను ఒక బొమ్మ మీద సరిచూడండి. యాప్ హెడర్‌కీ స్టేటస్ బార్‌కీ రంగు తేడా ఉన్న పేజీ ఒకటి తీసుకుని, ఎడిటర్‌లో బాగా జూమ్ చేస్తే రంగు మారే వరస ఎన్నోదో కనిపిస్తుంది. ఆ ఫోన్‌కి అదే అంకె. రెండో ఫోన్ ఉంటే దానికి మళ్లీ విడిగా చూడాలి.

తర్వాత బొమ్మలు ఎడిట్ చేసే ఇమేజ్‌మేజిక్ ప్రోగ్రామ్‌తో ఫోల్డర్ మొత్తం ఒకేసారి:

```
mkdir out
magick mogrify -path out -crop 1080x2151+0+63 +repage *.png
```

`-path out` మర్చిపోతే ఒరిజినల్స్ మీదే రాసేస్తుంది, వెనక్కి రావు. `+repage` వదిలేస్తే ఫైల్‌లో పాత కాన్వాస్ కొలత ఉండిపోతుంది, కొన్ని ప్రోగ్రాముల్లో బొమ్మ చుట్టూ ఖాళీ పట్టీ కనిపిస్తుంది.

వెన్నెల
చాలా థాంక్స్ అండీ. కొన్ని బొమ్మలు మా టీమ్ వాళ్లు చాట్‌లో పంపారు. వాటికీ ఇదే కొలత సరిపోతుందా?

పిక్సెల్_పంతులు
సరిపోదు. చాటింగ్ యాప్‌లు ఫొటోగా పంపినప్పుడు సైజు తగ్గిస్తాయి. 1080 వెడల్పు 720కి దిగితే 63 కాస్తా 42 అవుతుంది, 126 కాస్తా 84. పైగా కంప్రెషన్ వల్ల అంచు మసకబారుతుంది. ఫొటోగా వద్దు, ఫైల్‌గా పంపమనండి. క్రాప్ చేసే ముందు అన్నిటి కొలతా ఒకసారి చూసుకోండి:

```
magick identify -format "%f %wx%h\n" *.png
```

ఫోన్ అడ్డంగా తిప్పి తీసిన బొమ్మ ఒక్కటి కలిసినా చాలు, 2340x1080 బొమ్మని ఆ క్రాప్ కమాండ్ నిలువు బొమ్మ అనుకుని కుడివైపు సగానికి పైగా నరికేస్తుంది. ఎర్రర్ కూడా రాదు. మూడు బటన్ల ఫోన్ అడ్డంగా తిప్పితే బటన్లు కింద ఉండవు, పక్కకి వెళ్తాయి. అందుకని అడ్డం బొమ్మలకి వేరే ఫోల్డర్, వేరే కొలత.

రఘు_టెస్టింగ్
లెక్కలు బాగున్నాయి. కానీ అసలు కొయ్యడం ఎందుకని ఒక్కరూ అడగలేదు. నేను రోజూ బగ్ రిపోర్టులు చూస్తాను. పైనా కిందా నున్నగా కోసేసి పంపుతారు. ఎన్ని గంటలకి జరిగింది? తెలీదు. నెట్ ఉందా, వీపీఎన్ ఆన్‌లో ఉందా? తెలీదు. "లోడ్ అవట్లేదు" అని ఒకరు పంపిన బొమ్మ మీద మా టీమ్ ఒక రోజంతా సర్వర్ లాగులు తవ్వింది. పూర్తి బొమ్మ తెప్పిస్తే పైన విమానం గుర్తు ఉంది. స్టేటస్ బార్ కోసిన స్క్రీన్‌షాట్‌ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

పిక్సెల్_పంతులు
ఆమె బగ్ రిపోర్ట్ పెట్టట్లేదు, గైడ్ రాస్తోంది.

లక్ష్మి_ఆర్
రఘు గారు చెప్పింది నిజం. నేను డబ్బు పంపిన స్క్రీన్‌షాట్‌ని నీట్‌గా ఉండాలని పైనా కిందా కోసి కస్టమర్ కేర్‌కి పెట్టాను. ఎడిట్ చేసిన బొమ్మ చెల్లదన్నారు. లావాదేవీ నంబర్ కళ్లెదురుగా కనిపిస్తున్నా వినలేదు. మళ్లీ మొత్తం పంపాల్సి వచ్చింది. దయచేసి ఎవరూ క్రాప్ చేయకండి.

రఘు_టెస్టింగ్
చూశారా!

పిక్సెల్_పంతులు
లక్ష్మి గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ నంబర్ కనిపిస్తుంటే అది వాళ్ల పద్ధతిలో ఉన్న లోపం. స్టేటస్ బార్‌లో టైమ్ ఉన్నంత మాత్రాన ఏదీ రుజువు కాదు. ఫోన్ గడియారాన్ని ఎవరైనా ముందుకీ వెనక్కీ తిప్పగలరు. లేదా సిస్టమ్ యూఐ డెమో మోడ్‌లో ఏ టైమ్ కావాలంటే అది చూపించవచ్చు.

నీలిమ
కోసే ముందు ఇంకో సంగతి. ప్రైవసీ కోసం కోస్తున్నవాళ్లు కోసిన భాగం నిజంగా పోయిందో లేదో చూసుకోవాలి. గూగుల్ పిక్సెల్ ఫోన్లలోని మార్కప్ ఎడిటర్‌లో ఇలాంటి లోపమే 2023లో బయటపడింది, ఆ మార్చిలో సరిచేశారు. క్రాప్ చేసిన చిన్న ఫైల్‌ని పాత పెద్ద ఫైల్ మీద రాసేది, పాత ఫైల్ తోకను మాత్రం కత్తిరించేది కాదు. ఆ తోక నుంచి బొమ్మని కొంత వెనక్కి తెచ్చారు. అప్పటికే బయటికి పంపేసిన ఫైళ్లకి అప్‌డేట్ వల్ల ఒరిగేదేమీ లేదు.

సుబ్బు_మొబైల్స్
అయితే క్రాప్ అసలు చేయకూడదన్నమాట.

పిక్సెల్_పంతులు
అలా కాదు సుబ్బు గారూ. ఆ లోపంలో మిగిలేది ఫైల్ చివరి భాగం, అంటే ఒరిజినల్ బొమ్మ అడుగు భాగం. పట్టీలు మాత్రమే కోస్తే ఫైల్ సైజు పెద్దగా తగ్గదు, తోకా కొంచెమే ఉంటుంది, అందులో దొరికేది ఎక్కువగా కింది బటన్లే. బొమ్మలో సగం పైగా కోసి ఖాతా వివరాలు దాచినవాళ్లకే అది పెద్ద ముప్పు. పైన చెప్పిన కమాండ్ ఎలాగూ `out`లో కొత్త ఫైల్ రాస్తుంది, పాతదాని మీద రాయదు.

క్రిష్
నా ఫోన్‌లో జెస్చర్స్. కింద పట్టీయే లేదు, సన్నని గీత ఒక్కటే. నాకు ఏమీ కోయక్కర్లేదు.

నీలిమ
క్రిష్ గారూ, అక్కడే చిక్కంతా. ఆ గీత వెనకాల యాప్ కంటెంటే ఉంటుంది. ఆండ్రాయిడ్ 15 నుంచి, ఆ వెర్షన్‌ని టార్గెట్ చేసిన యాప్‌లన్నీ డిఫాల్ట్‌గా స్క్రీన్ అంచు నుంచి అంచు దాకా గీస్తాయి, పైన స్టేటస్ బార్ వెనకాల కూడా. అలాంటి బొమ్మలో 63 పిక్సెళ్లు కోస్తే పట్టీతో పాటు కంటెంట్ కూడా పోతుంది. మ్యాప్ పేజీ కోసి చూడండి, పైనున్న రోడ్లు తెగిపోతాయి. జాబితా పేజీలో కింద కోస్తే చివరి వరస సగానికి తెగుతుంది. ఐఫోన్‌లో హోమ్ గీత కూడా ఇంతే. అందుకే నేను కొయ్యను, తీసే ముందే డెమో మోడ్‌తో పట్టీని శుభ్రం చేస్తాను:

```
adb shell settings put global sysui_demo_allowed 1
adb shell am broadcast -a com.android.systemui.demo -e command enter
adb shell am broadcast -a com.android.systemui.demo -e command notifications -e visible false
```

నోటిఫికేషన్ గుర్తులన్నీ పోతాయి. పని అయ్యాక `enter` బదులు `exit` పంపాలి. కొన్ని కంపెనీల ఫోన్లు ఈ కమాండ్లని పట్టించుకోవు, ముందు ప్రయత్నించి చూడండి.

పిక్సెల్_పంతులు
ఆమె అడిగింది కంటెంట్ మాత్రమే కావాలని. శుభ్రమైన పట్టీ కూడా పట్టీయే.

రఘు_టెస్టింగ్
కంటెంట్, కంటెంట్ అంటూ అదే మాట. ఆ కంటెంట్ ఏదో ఎవరు తేల్చారు? మీకు పిక్సెల్ సమానంగా ఉంటే చాలు, చదివేవాడు ఏమైనా పర్వాలేదు!

పిక్సెల్_పంతులు
మీకు కనిపించే ప్రతి బొమ్మా బగ్ రిపోర్టే. గైడ్ చదివేవాడికి నా బ్యాటరీ 31 శాతం ఉందని తెలిసి ఏం ఒరుగుతుంది? పక్కపక్క బొమ్మల్లో ఒకదాంట్లో 10:42, ఇంకోదాంట్లో 3:15 ఉంటే కన్ను అక్కడికే పోతుంది. "తర్వాత ఇది నొక్కండి" అని నేను రాస్తే, వాళ్లు నాలుగున్నర గంటలు ఆగాలేమో అనుకుంటారు.

రఘు_టెస్టింగ్
సరే, పైపట్టీ పక్కన పెడదాం. బ్యాటరీ నాకూ అక్కర్లేదు. నేను ఇంతసేపు కొట్టుకుంటున్నది కిందిపట్టీ గురించి. మా పాత గైడ్‌లో ఇలాగే అన్నీ కోసేశారు. "వెనక్కి వెళ్లండి" అని రాసి, పక్కన బొమ్మ పెట్టారు. ఆ యాప్‌లో ఆ పేజీకి పైన బాణం గుర్తు లేదు, వెనక్కి వెళ్లాలంటే ఫోన్ కింది బటనే దిక్కు. దాన్నే కోసేశారు. జనం బొమ్మలో వెతికి, దొరక్క, యాప్ మూసి మళ్లీ తెరిచేవాళ్లు. నింపిన ఫారం పోయేది. ఆ ఫోన్లన్నీ నాకే వచ్చేవి. ఆ రెండు మూడు నెలలు నా టెన్షన్ ఏంటో మీకు తెలీదు.

పిక్సెల్_పంతులు
ఇది ముందే చెప్పాల్సింది రఘు గారూ. ఇది న్యాయమైన అభ్యంతరం. కానీ దానికి మందు కిందిపట్టీని అన్ని బొమ్మల్లో ఉంచడం కాదు. జెస్చర్స్ వాడేవాళ్లకి ఆ మూడు బటన్లు ఉండవు, మీ బొమ్మ చూసి వాళ్లు లేని బటన్ కోసం వెతుకుతారు. "వెనక్కి" ఉన్న మెట్టులో రెండు పద్ధతులూ మాటల్లో రాయాలి.

రఘు_టెస్టింగ్
మాటలు ఎవరు చదువుతారండీ? బొమ్మే చూస్తారు. ఆ మెట్టులో పట్టీ ఉండి తీరాలి.

నీలిమ
పట్టీ ఉన్న బొమ్మ, లేని బొమ్మ ఒకే వరసలో పెడితే ఎత్తులు కలవవు. 2151 ఒకటి, 2277 ఒకటి.

రఘు_టెస్టింగ్
కలవకపోతే కలవకపోనివ్వండి.

వెన్నెల
జూమ్ చేసి చూశాను. ఒక ఫోన్‌లో 63 సరిగ్గా సరిపోయింది. రెండోదానికి కెమెరా రంధ్రం ఉంది, అక్కడ రంగు మారే వరస ఇంకా కిందికి ఉంది, దానికి విడిగా కొలిచి వేరే ఫోల్డర్ పెట్టాను. మా మ్యాప్ పేజీ నీలిమ గారు చెప్పినట్టే అంచు దాకా ఉంది, అది కొయ్యకుండా డెమో మోడ్‌లో మళ్లీ తీస్తాను. రఘు గారూ, మా యాప్‌లో పైన బాణం లేని పేజీలు రెండు ఉన్నాయి. వాటిలో కిందిపట్టీ ఉంచి పైపట్టీ మాత్రమే కోస్తాను. ఆ రెండింటినీ వరసలో పెట్టకుండా విడిగా వేస్తాను.

పిక్సెల్_పంతులు
ఆ రెండింటికి `-crop 1080x2277+0+63`. జెస్చర్స్ వాళ్ల కోసం పక్కన ఒక వాక్యం మాత్రం తప్పకుండా రాయండి.

రఘు_టెస్టింగ్
వాక్యం రాయండి, వద్దనను. ఒరిజినల్స్ మాత్రం డిలీట్ చేయకండి. రేపు యాప్ మారాక ఏ బొమ్మ ఏ ఫోన్‌లో తీశారో అడిగేది నాలాంటివాళ్లే.

లక్ష్మి_ఆర్
ఇంతకీ నా డబ్బు స్క్రీన్‌షాట్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఈసారి పంపేటప్పుడు కోయాలా వద్దా?

రఘు_టెస్టింగ్
వద్దమ్మా. మొత్తం బొమ్మ పంపండి, లావాదేవీ నంబర్ మెసేజ్‌లో టైప్ చేయండి.