స్కూల్ సొసైటీ పేరు మీద ఉన్న పాత బస్సు కొంటే పేరు మార్చుకోవాలా, వద్దా?

పాలకొల్లు సవారీ
మా దగ్గర ఒక స్కూల్ వాళ్లు 2017 మోడల్ ఫోర్స్ ట్రావెలర్, 26 సీట్లది, 6 లక్షల 80 వేలకి ఇస్తామంటున్నారు. ఆర్‌సీ సొసైటీ పేరు మీద ఉంది. "పేరు మార్చుకోకు, మా పేరు మీదే ఉంచుకుని మా పిల్లల్నే ఎక్కించు, ట్యాక్స్ కలిసొస్తుంది" అంటున్నారు. ఆదివారాలు పెళ్లి ట్రిప్పులు కూడా వేసుకుందామని నా ఆలోచన. ఇలా కొనొచ్చా అండి?

మూడు చక్రాల నుంచి ఆరు చక్రాలకి
నిక్షేపంగా కొనండి. నంబర్ ప్లేటు పసుపుదే కదా, అంటే అద్దెకి తిప్పుకునే బండే. పసుపు ప్లేటుకి ఎవర్ని ఎక్కించుకున్నా ఎవరూ అడగరు. మా వైపు ముహూర్తాల రోజుల్లో సగం పెళ్లి బస్సులు స్కూళ్లవే.

ఆర్టీఓ గేటు ముందు
పసుపు ప్లేటంటే రవాణా వాహనమని మాత్రమే, తమ్ముడూ. అది ఏ రకం రవాణా అన్నదే అసలు సంగతి. mParivahan యాప్‌లో ఆ బండి నంబర్ కొట్టి Vehicle Class దగ్గర చూడండి. Educational Institution Bus అని ఉంటుంది. మోటారు వాహనాల చట్టంలో ఆ మాటకి అర్థం సూటిగా ఉంది: బస్సు విద్యాసంస్థదే అయి ఉండాలి, విద్యార్థులూ సిబ్బందీ తప్ప వేరెవరూ ఎక్కకూడదు. ట్యాక్స్ తక్కువ పెట్టిందీ, ఇన్సూరెన్స్ ప్రీమియం తగ్గించిందీ ఆ షరతు మీదే. పెళ్లివాళ్లని ఎక్కించిన నిమిషం నుంచి మీరు పర్మిట్ లేకుండా తిప్పుతున్నట్టే లెక్క. 192ఏ కింద 10 వేలు జరిమానా, బండి స్టేషన్ ఆవరణలో. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపకపోతే గండం గడిచిందనుకోవద్దు. ట్రిప్పులో ఒకరికి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది పర్మిట్‌నే.

సవారీ గారి ప్రశ్నలో రెండు దారులున్నాయి. పేరు మార్చుకుంటే బండి ఇక స్కూల్ బస్సు కాదు. బండి మొత్తాన్ని అద్దెకిచ్చే కాంట్రాక్ట్ క్యారేజీగా మార్పించుకోవాలి, సీట్ల లెక్కన క్వార్టర్ ట్యాక్స్ కట్టాలి, స్కూల్ బస్సు పసుపు రంగు తీసేయాలి. స్కూల్ వాళ్ల పర్మిట్ బండితో పాటు దానంతటదే రాదు, మీ పేరున కొత్తది తీసుకోవాలి. మార్చుకోకపోతే ఖర్చు లేదు, కానీ బండి మీది కాదు.

పిల్లల వ్యాను
నాదీ ఇదే టెన్షన్ అండి. నాకు 7 సీట్ల వ్యాను ఉంది, తెల్ల ప్లేటు. 11 మంది పిల్లల్ని దింపుతున్నాను. దానికి స్కూల్ వాళ్ల దగ్గర లెటర్ తీసుకుంటే సరిపోతుందా?

ఆర్టీఓ గేటు ముందు
సరిపోదమ్మా. తెల్ల ప్లేటు మీద డబ్బులు తీసుకుని ఎక్కించడమే తప్పు, లెటర్ దాన్ని ఒప్పు చేయదు. మీది వేరే కథ, విడిగా అడగండి, చెప్తాను. 11 మందిని మాత్రం రేపటి నుంచే తగ్గించండి.

కమాన్ కట్ట
కాగితాల సంగతి వాళ్లు చెప్తున్నారు, నేను బండి సంగతి చెప్తాను. స్కూల్ బస్సు మీటర్ చూసి మోసపోతారు అందరూ. 8 ఏళ్లకి 90 వేల కిలోమీటర్లు అంటే కొత్తదే కదా అనిపిస్తుంది. కానీ అది వీధికో స్టాపు దగ్గర ఆగుతూ నడిచిన బండి. క్లచ్ ప్లేటు, బ్రేకులు, సెల్ఫ్ మోటారు లారీ కంటే ముందు అరిగిపోతాయి. పొద్దున్నే వెళ్లండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారని అర్థం. స్టార్ట్ చేశాక ఇంజిన్ ఆయిల్ మూత తీసి చూడండి. పొగ గుప్పుగుప్పున కొడితే రింగులు పోయాయి, బేరం అక్కడే ఆపేయండి.

పాలకొల్లు అంటే సముద్రం గాలి. మీరు ఇంజిన్ కంటే ఎక్కువ భయపడాల్సింది తుప్పుకి. రోజూ పైపు పెట్టి లోపల కడుగుతారు, నీళ్లు మ్యాటు కింద నిలిచిపోతాయి. మెట్టు దగ్గరా, వెనక చక్రం పైభాగంలోనూ మ్యాటు ఎత్తి చూడండి. తర్వాత కిందికి దూరి అడ్డపట్టీలను స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. టంగుమని మోగితే మంచి ఇనుము. పొట్టులా రాలితే ఫ్లోరంతా మార్చాలి. బండి అడుగున కొత్తగా నల్లరంగు కొట్టి కనిపిస్తే ఇంకా గట్టిగా పొడవండి. సీట్ల కాళ్ల బోల్టులు ఆ రేకు మీదే నిలబడతాయి, వాటిని చేత్తో ఊపి చూడాలి. పోయినేడాది నేను చేసిన ఒక బస్సుకి ఫ్లోరు, పట్టీలు, మెట్టు కలిపి లక్షకి పైనే అయింది. కొన్నాయన ఇంజిన్ శబ్దం ఒక్కటే విని తీసుకున్నాడు.

టైర్ల గీతలు చూసి మురిసిపోవద్దు. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. 3518 అంటే 2018లో 35వ వారం తయారైందని. గీతలు నిండుగా ఉన్నా పక్కగోడ పగిలిపోయి ఉంటుంది. సెలవుల్లో నెలల తరబడి ఒకేచోట నిలబడే బండ్లు కదా.

నిడదవోలు నారింజ
నేను ఆరేళ్లుగా స్కూల్ పేరు మీదే నడుపుతున్నాను. నోటరీ అగ్రిమెంట్ రాయించుకున్నాం, ఏ ఇబ్బందీ లేదు. అందరూ బెదిరించేవాళ్లే. స్కూల్ పిల్లల్ని తప్ప ఎవరినీ ఎక్కించకపోతే తప్పేంటి?

తిరిగొచ్చినవాడు
నేనూ మీలాగే అనుకున్నాను అన్నా. మూడో ఏడు మేనేజ్‌మెంట్ మారింది. కొత్తవాళ్లు సొసైటీ ఆస్తుల లిస్టు తీస్తే అందులో నా బస్సు ఉంది. అగ్రిమెంట్ చూపిస్తే "పాతవాళ్లతో తేల్చుకో" అన్నారు. తాళాలు వాళ్ల చేతిలో, కిస్తీ కట్టింది నేను. చివరికి సగం డబ్బు తీసుకుని బయటపడ్డాను.

ఆర్టీఓ గేటు ముందు
నారింజ గారూ, పిల్లల్ని మాత్రమే ఎక్కిస్తున్నారు కాబట్టి రోడ్డు మీద మిమ్మల్ని ఆపి ప్రశ్నించడం కష్టమే, అది ఒప్పుకుంటాను. కానీ చట్టం దృష్టిలో ఆర్‌సీలో పేరున్నవాళ్లే యజమాని. అమ్మేసినా పేరు మారకపోతే ప్రమాదంలో బాధ్యత ఆర్‌సీ యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ స్కూల్ వాళ్లు కూడా తమ మెడకు తామే తాడు కట్టుకుంటున్నారు. వాళ్లకి అది తెలిసినట్టు లేదు.

సవారీ గారూ, పేరు మార్చుకునేటట్టయితే ఫారం 29, 30 మీద సొసైటీ తరఫున ఎవరు సంతకం పెడతారో ముందే అడగండి. కరస్పాండెంట్ గారు ఒక్కరు పెడితే చాలదు. ఫలానా నంబర్ బస్సు అమ్ముతున్నాం, ఫలానా వారికి అధికారం ఇస్తున్నాం అని సొసైటీ తీర్మానం కాపీ కావాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉందేమో కూడా చూడండి. ఒకే ఫైనాన్స్‌లో నాలుగు బస్సులు తీసుకుంటే, ఈ బస్సు అప్పు తీరినా మిగతావి తీరేదాకా, అప్పు తీరిందని ఇచ్చే ఫారం 35 ఇవ్వకపోవచ్చు.

నిడదవోలు నారింజ
కాంట్రాక్ట్ క్యారేజీ చేస్తే క్వార్టర్ ట్యాక్స్ కట్టి, ఈ స్కూల్ ఇచ్చే నెల బాడుగతో మిగిలేదేంటో ఎవరైనా లెక్క చెప్పండి. అది చెప్పకుండా చట్టం చెప్తే ఎలా?

ఆర్టీఓ గేటు ముందు
న్యాయమైన ప్రశ్నే. స్కూల్ ఒక్కటే నమ్ముకుంటే గిట్టకపోవచ్చు. పెళ్లిళ్లు, గుడి ట్రిప్పులు ఉంటేనే 26 సీట్లు. లేదంటే డ్రైవర్ కాక 12 మంది పట్టే మ్యాక్సీ క్యాబ్ చూసుకోవడం మేలు.

పాలకొల్లు సవారీ
ఈ రోజు పొద్దున్న వెళ్లొచ్చానండి. బానెట్ చల్లగానే ఉంది, ఆయిల్ మూత తీస్తే పొగ లేదు. టైర్ల మీద 3 చోట్ల 18తో ముగిసే అంకెలు ఉన్నాయి. వెనక చక్రం పైన మ్యాటు ఎత్తితే రూపాయి బిళ్ల పట్టేంత చిల్లు, దాంట్లోంచి కింద నేల కనిపించింది. కమాన్ కట్ట గారూ, ఆ ఒక్కటే అయితే ప్యాచ్ వేయించొచ్చా? ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఇంకా ఉంది. అడిగితే "అది ఎప్పుడో తీరిపోయింది" అన్నారు, కాగితం మాత్రం సోమవారం చూపిస్తామన్నారు. అడ్వాన్స్ ఇవ్వలేదు.

కమాన్ కట్ట
పైన రూపాయంత చిల్లుంటే కింద పళ్లెమంత ఉంటుంది. పట్టీ పొడిచారా?