ఈ వారం సమస్య: “అలిగినట్టి వారి కలుక లేదు”

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే. యతి ‘అ’కీ, ‘కలుక’లో దాగిన ‘అ’కీ. అలిగినవాళ్లకి అలక లేకపోవడం ఏమిటన్నదే చిక్కు. దాన్ని మీమీ ఇళ్లలోంచి విప్పండి. అమెరికాలో పుట్టిన మా మనవరాలు పోయిన నెల “అలకంటే ఏంటి తాతా?” అని ఇంగ్లీషులో అడిగింది. నాలుగు మాటలు చెప్పి చూశాను, ఒక్కటీ అతకలేదు. ఈ సమస్య అందుకే.

లెక్కల మాస్టారు: మొదటి బోణీ నాది.

ధర్మరాజు వంటి ధరణీశుఁ డలిగిన
సాగరమ్ము లేడు సంగమించు
కాని శాంతుఁ డతఁడు, కల్మష మెఱుగఁడు
అలిగినట్టి వారి కలుక లేదు

నిర్వాహకుడు: గణాలు, యతులు అన్నీ సరిపోయాయి మాస్టారూ. మొదటి రెండు పాదాల్లో తిరుపతి వేంకట కవుల నాటక పద్యం వినిపిస్తోంది, అదీ ఫరవాలేదు. చిక్కు అర్థంలో ఉంది. అక్కడ ధర్మరాజు అలగడం అంటే ఆగ్రహం. సముద్రాలు ఏకమయ్యే రకం. దాన్ని బుజ్జగించడానికి ఎవరూ పళ్లెంలో అన్నం పట్టుకుని రారు. నేనడిగింది ఇంట్లో వాడే అలక.

లెక్కల మాస్టారు: రెండూ ఒకటే కదండీ. కోపం పెద్దది, అలక చిన్నది. కొలతలో తేడా అంతే.

గోదారి గట్టు: కొలతలో కాదు మాస్టారూ, ఎవరి మీద అన్నదాంట్లో ఉంది. బస్సులో కండక్టరు చిల్లర ఇవ్వకపోతే కోపం వస్తుంది. ఎంత చిన్న కోపమైనా సరే, కండక్టరు మీద అలగగలరా? అలిగి సీట్లో అటు తిరిగి కూర్చుంటే ఆయనకి తెలియనే తెలియదు. అదే మీ ఆవిడ చీర కొన్న రోజున మీరు “బాగుంది” అనడం మరిచిపోయారనుకోండి, రాత్రి మీ కంచంలో అప్పడం ఉండదు. మీరు గమనిస్తారని ఆవిడకి నమ్మకం. ఆ నమ్మకం లేనిచోట అలక పుట్టదు. చెరువు మీద అలిగినవాడి సామెత గుర్తుంది కదా (మిగతా సగం ఇక్కడ రాయను). దానికి నవ్వు రావడం కూడా ఇందుకే. చెరువు వచ్చి బతిమాలదు.

నా పూరణ:

అన్న మొల్ల నంచు నటువైపు తిరిగెను
చిన్నవాఁడు, తల్లి చేరఁ బిలువ
ముద్ద నోటఁ బెట్ట ముసిముసి నవ్వెను
అలిగినట్టి వారి కలుక లేదు

మా చిన్నాడే లెండి. గోడవైపు తిరిగి పడుకుంటాడు కానీ దుప్పటి మాత్రం చెవి మీద నుంచి కొంచెం తీసి ఉంచుతాడు, పిలిస్తే వినబడాలిగా.

నిర్వాహకుడు: ఆ దుప్పటి సంగతి పద్యంలోకి రావలసింది! పద్యం హాయిగా ఉంది. ‘ముసిముసి నవ్వెను’ దగ్గర మాత్రం ఒక ‘నవ్వు’ జారిపోయింది. ‘ముసిముసి నవ్వు నవ్వెను’ అంటే నిండుగా ఉంటుంది గానీ గణాలు ఒప్పుకోవు. వదిలేయండి.

మాస్టారూ, పూర్వకవుల్లో మీకు కావలసిన అలక సత్యభామది. పారిజాతాపహరణంలో కృష్ణుడు పువ్వు రుక్మిణికిచ్చాడని తెలిసి కోపగృహంలోకి వెళ్లింది. తన్నింది కూడా. కానీ వెళ్లింది పుట్టింటికి కాదు, కృష్ణుడు వెతుక్కుంటూ వచ్చే చోటికే.

లెక్కల మాస్టారు: తన్నడం కూడా అలకేనా? ఆ మాట మాత్రం ఒప్పుకోను.

వంటింటి సరస్వతి: నాదీ చూడండి. కొత్తగా రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

ఏమి లేదు లేదు, ఇంకేమి లేదంచు
పలుకు మాని, వంట పాత్ర మోత;
మగఁడు నమ్మి తాను మంచ మెక్కెను గాదె
“అలిగినట్టి వారి కలుక లేదు!”

నిర్వాహకుడు: అమ్మా, ఈ వారం ఇదే మేలైనది. సమస్య పాదాన్ని మొగుడి నోట పెట్టి విరోధాన్ని ఒక్క కొటేషన్‌తో తీర్చేశారు. ఆవిడ లేదంది, ఆయన నమ్మాడు. లోపం ఒక్కటే, మొదటి పాదంలో ‘లేదు, ఇంకేమి’ దగ్గర సంధి జరగకుండా విడిగా నిలబడింది. కలిపి ‘లేదింకేమి’ అంటే గణం పోతుంది. ఇలా మారిస్తే?

ఏమి లేదు నాకు నేమియు లేదంచు

‘నాకున్ + ఏమియు’ కాబట్టి సంధి కుదిరింది, ఏ–ఏ యతి కూడా నిలిచింది.

వంటింటి సరస్వతి: బాగుందండీ. కానీ “లేదు లేదు” అని రెండుసార్లు అనడంలోనే అలకంతా ఉంది. మొదటి ‘లేదు’ మామూలు జవాబు, రెండోది ఇంకోసారి అడగమని. మీరు దిద్దితే ఆ రెండోది దూరంగా పోయి పడింది.

నిర్వాహకుడు: నిజమే. దిద్దుబాటు వ్యాకరణానికి బాగుంది, అలకకి నష్టం చేసింది. మీదే ఉంచండి.

బహ్రెయిన్ బాబాయి: నాకు పద్యం రాదు, ఒక సందేహం ఉంది. మా అన్నయ్య కూతురి పెళ్లికి శుభలేఖ వాట్సాప్‌లో పంపాడు. ఫోను లేదు, మాట లేదు. సొంత తమ్ముణ్ణి. నేను వెళ్లలేదు. పదకొండేళ్లయింది, మాటల్లేవు. ఇది అలకా, పట్టింపా, ఇంకేమైనా పేరుందా? మీరంతా అప్పడాలూ దుప్పట్లూ చెప్తుంటే నాదెక్కడో తెలియలేదు.

లెక్కల మాస్టారు: పదకొండేళ్లంటే పంతం బాబాయిగారూ. అలక పూట దాటకూడదు, మహా అయితే పండగ దాకా. అల్లుడి అలకపాన్పు కూడా పెళ్లిలోనే తేలిపోతుంది.

గోదారి గట్టు: గడియారం పెట్టి ఎలా తేలుస్తారు మాస్టారూ? బాబాయిగారూ, ఒక మాట అడుగుతాను. ఈ క్షణం అన్నయ్య ఫోను చేస్తే ఎత్తుతారా?

బహ్రెయిన్ బాబాయి: మొదటి రింగుకే ఎత్తను. మూడో రింగుకి.

గోదారి గట్టు: అయితే ఇంకా అలకే. పంతం పట్టినవాళ్లు రింగులు లెక్కపెట్టరు.

లెక్కల మాస్టారు: పంతం పట్టినవాళ్లే లెక్కపెడతారు!

నిర్వాహకుడు: మీరిద్దరూ తేల్చుకునేలోగా బాబాయిగారి తరఫున ఒకటి అల్లాను.

అన్న పిలుచు నంచు నరుగుపైఁ గూర్చుంటి
ఏండ్లు గడిచె; నతఁడు నెఱుఁగఁ డయ్యె;
తలుపు తట్టఁ దీసెఁ దమ్ముఁడా యని యన్న
అలిగినట్టి వారి కలుక లేదు

బహ్రెయిన్ బాబాయి: మొదటి రెండు పాదాలు చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశానండీ. కానీ మూడో పాదం తప్పు. తలుపు నేను తట్టడమేమిటి? తట్టవలసింది వాడు కదా.

నిర్వాహకుడు: క్షమించండి. ఇప్పుడు?

తలుపు దట్టె నన్న, తమ్ముఁడా ర మ్మని

బహ్రెయిన్ బాబాయి: ఇప్పుడు సరిగ్గా ఉంది. దీన్ని ఎవరైనా మా అన్నయ్యకి పంపితే బాగుండు. నేను మాత్రం పంపను.